కావాల్సింది 37, చేతిలో ఉన్నది 34: ఏ సబ్జెక్టు మీద పడాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా. పద్నాలుగేళ్లుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఐబీ డిప్లొమా రెండో సంవత్సరం, మే సెషన్ పరీక్షలు రాస్తుంది. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ ఇంజనీరింగ్ సీటుకు షరతులతో ఆఫర్ ఇచ్చింది. మొత్తం 37 రావాలి, హెచ్ఎల్, అంటే హయ్యర్ లెవెల్ సబ్జెక్టుల్లో 6, 6, 5 రావాలి, మ్యాథ్స్‌లో 6 తప్పనిసరి. జనవరి మాక్ పరీక్షలు చూసి స్కూల్ వాళ్లు 34 అన్నారు. మ్యాథ్స్‌లో ఇప్పుడు 6 ఉంది. దాన్ని 7 చేయిద్దామని వారానికి ఐదు రోజులు ట్యూషన్ మాట్లాడాను. మా ఆవిడేమో హిందీ సులువు కదా, దాని మీద పెట్టమంటోంది. మార్కుల షీటు, ఏ గ్రేడుకు ఎన్ని మార్కులు రావాలో స్కూల్ వాళ్లు వాడిన బౌండరీలు జత చేశాను. దేని మీద పడాలి?
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: ముందు ఫిజిక్స్. దాంతోపాటే టీఓకే, అంటే థియరీ ఆఫ్ నాలెడ్జ్ వ్యాసం. ఆ తర్వాత ఎకనామిక్స్. మ్యాథ్స్ ట్యూషన్ ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గించండి. ఎందుకో మీరు పంపిన షీటులోనే ఉంది, కాస్త ఓపిగ్గా చూద్దాం.

మన తరం వాళ్ల తలలో ఇంటర్ లెక్క పాతుకుపోయింది. అక్కడ వెయ్యికి ఎన్ని అని చూసేవాళ్లం. సంస్కృతంలో ఒక మార్కు పెరిగినా, మ్యాథ్స్‌లో ఒక మార్కు పెరిగినా మొత్తంలో ఒకటి పెరిగేది. ఐబీలో అలా ఉండదు. ప్రతి సబ్జెక్టులో వచ్చిన మార్కులను నూటికి లెక్కగట్టి, ఆ అంకెను 1 నుంచి 7 వరకు ఒక గ్రేడుగా మారుస్తారు. మొత్తంలో కలిసేది ఆ గ్రేడు ఒక్కటే. సిటీ బస్సులో స్టేజీలు గుర్తు తెచ్చుకోండి. స్టేజీ దాటితేనే టికెట్ ధర మారుతుంది, మధ్యలో ఎక్కడ దిగినా పాత ధరే. మీ అమ్మాయి మ్యాథ్స్‌లో 63 నుంచి 74కి ఎక్కినా ఫలితాల్లో కనిపించేది అదే 6. ఆ పదకొండు మార్కుల కష్టానికి మొత్తంలో ఒక్క పాయింటు కూడా రాదు.

ఆరు సబ్జెక్టులకు ఏడు చొప్పున 42, టీఓకే, ఈఈ అనే ఎక్స్‌టెండెడ్ ఎస్సే కలిపి ఇచ్చే బోనస్ 3, వెరసి 45. హెచ్ఎల్ సబ్జెక్టుకు 240 గంటల పాఠం, ఎస్ఎల్, అంటే స్టాండర్డ్ లెవెల్‌కు 150 గంటలు అని ఐబీ లెక్క. అయినా పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ ఒకటే విలువ. హెచ్ఎల్ ఫిజిక్స్‌లో 7 తెచ్చుకున్నా ఏడే, ఎస్ఎల్ హిందీలో 7 తెచ్చుకున్నా ఏడే. ఇదేం న్యాయమని పిల్లలు ఏటా గొణుగుతూనే ఉంటారు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ మొత్తం పెంచుకోవాల్సిన వాళ్లకు ఇదే కలిసొచ్చేది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఏ సబ్జెక్టు ముఖ్యం’ అని కాదు. తర్వాతి బౌండరీకి ఇంకా ఎంత దూరం ఉంది, ఆ దూరాన్ని పరీక్ష కాగితం మీద మార్కుల్లోకి మారిస్తే ఎన్ని అవుతాయి అని. మీ షీటులో ఫిజిక్స్ 57, ఆరుకు కావాల్సింది 59. ఎకనామిక్స్ 73, ఏడుకు 76. హిందీ 81, ఏడుకు 84. ఇంగ్లిష్ 60, ఆరుకు 65. కెమిస్ట్రీ 55, ఆరుకు 63. మ్యాథ్స్ 63, ఏడుకు 75. ఆరింటిలో అన్నిటికంటే దూరంగా ఉన్న మెట్టునే మీరు ఎంచుకున్నారు.

ఆ పన్నెండు అంటే ఎంతో చూడండి. మీ అమ్మాయి తీసుకున్నది ఎనాలిసిస్ అండ్ అప్రోచెస్ హెచ్ఎల్. అందులో పేపర్ 1, పేపర్ 2 ఒక్కోటి 110 మార్కులకు, ఒక్కోదానికి 30 శాతం. పేపర్ 3 55 మార్కులకు, 20 శాతం. మిగతా 20 శాతం ఐఏది, అంటే స్కూల్లోనే చేసే ఇంటర్నల్ అసెస్‌మెంట్‌ది, అది అయిపోయిందని షీటులో ఉంది. అంటే మొదటి రెండు పేపర్లలో ఒక మార్కు తెచ్చుకుంటే నూటికి పెరిగేది పావు చిల్లర, 0.27. పేపర్ 3లో అయితే 0.36. ఈ లెక్కన నూటికి పన్నెండు పెరగాలంటే మూడు పేపర్లలో కలిపి సుమారు 40 మార్కులు కొత్తగా రావాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఉన్న పన్నెండు వారాల్లో ఇది జరగదని అనను. జరిగిన పిల్లలూ ఉన్నారు. కానీ అంత కష్టపడితే చివరికి వచ్చేది ఒక్క పాయింటు. మీకు కావాల్సింది మూడు.

ఇది నేను చేయి కాల్చుకుని నేర్చుకున్న లెక్క. బెంగళూరులో మ్యాథ్స్ చెప్పేటప్పుడు ఒక అబ్బాయిని ఇలాగే 7 వైపు తరిమాను. 61 నుంచి 73కి తెచ్చుకున్నాడు పాపం, ఆ ఏడాది 7కి బౌండరీ 75. ఆ మూడు నెలలూ కెమిస్ట్రీ పుస్తకం తెరవలేదు, అందులో 6 కాస్తా 5 అయింది. అంత చదివి మొత్తం ఒకటి తగ్గింది. ఆ సలహా ఇచ్చింది నేనే, వాడిది తప్పేం లేదు.

అలాగని మ్యాథ్స్‌ని గాలికి వదిలేయమని కాదు. 6కి బౌండరీ 61, తన దగ్గర ఉన్నది 63. ఆ రెండంటే కాగితం మీద ఏడు మార్కులు. సెక్షన్ బీలో ఒక పెద్ద ప్రశ్న తలకెక్కకపోతే చాలు, అవి పోతాయి. మ్యాథ్స్ 6 పోతే 40 వచ్చినా ఆఫర్ షరతు తీరదు. అందుకే రెండు రోజుల ట్యూషన్ ఉంచమన్నాను. కొత్త చాప్టర్లు, కష్టమైన ప్రశ్నలు వద్దు. గడియారం పెట్టుకుని వారానికి ఒక పాత పేపర్ రాయడం, పోయిన మార్కులు తెలిసి పోయాయా తొందరలో పోయాయా అని చూసుకోవడం, అంతే. ఇక్కడ పని ఎక్కడం కాదు, జారకుండా ఉండటం.

ఇక ఫిజిక్స్. దాన్ని ముందు పెట్టడానికి రెండు మార్కుల దూరం ఒక్కటే కారణం కాదు. ఇప్పుడు హెచ్ఎల్‌లో మ్యాథ్స్ 6, ఫిజిక్స్ 5, కెమిస్ట్రీ 5 ఉన్నాయి. ఆఫర్ అడిగింది 6, 6, 5. హిందీలో 7, ఎకనామిక్స్‌లో 7, బోనస్ ఇంకొకటి తెచ్చుకుని మొత్తం 37 చేసినా, ఈ రెండు ఐదుల్లో ఒకటి ఆరు కాకపోతే షరతు తీరనట్టే. మొత్తం వస్తే చాలనుకుని ఈ రెండో వాక్యం చదవని తల్లిదండ్రులను ఏటా చూస్తాను. కెమిస్ట్రీకి ఎనిమిది కావాలి, ఫిజిక్స్‌కి రెండు. ఇందులో ఆలోచించాల్సింది పెద్దగా లేదు.

రెండే అన్నాను గానీ రెండుకు గురిపెట్టకూడదు. బౌండరీలు రాతిమీద గీతలు కావు. పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో చూసి ప్రతి సెషన్‌కూ ఐబీ కొత్తగా నిర్ణయిస్తుంది. స్కూల్ వాళ్లు వాడింది పాత సెషన్‌ది. అందుకే బౌండరీ మీద ఇంకో మూడు వేసుకుని 62 లక్ష్యంగా పెట్టుకోండి. అంటే ఐదు పెరగాలి. ఆ ఐదు ఎక్కడున్నాయో చూపిస్తాను.

ఫిజిక్స్‌లో ఐఏ 24 మార్కులకు, దానికి 20 శాతం. షీటులో 14గా కలిపారు. టీచర్ ఒక డ్రాఫ్ట్ చూసి రాసిచ్చారని, ఫైనల్ ఇంకా ఇవ్వలేదని కింద నోట్ ఉంది. మీ అదృష్టం అదే. 14ని 18 చేసుకుంటే నూటికి 3.3 పెరుగుతుంది, పరీక్ష హాల్లో అడుగు పెట్టకుండానే. ఐఏలో నాలుగు భాగాలు: రీసెర్చ్ డిజైన్, డేటా ఎనాలిసిస్, కన్‌క్లూజన్, ఎవాల్యుయేషన్. ఒక్కోటి ఆరు మార్కులు. తనకు చివరి రెండింటిలో మూడేసి వచ్చాయి. పిల్లలందరూ ఇక్కడే పోగొట్టుకుంటారు, ఎందుకంటే ప్రయోగం అయిపోయాక అలసిపోయి రాసే పేజీలవి.

ఉదాహరణకు ఎవాల్యుయేషన్‌లో ‘హ్యూమన్ ఎర్రర్ వల్ల తేడా వచ్చింది, ఇంకా ఎక్కువ రీడింగులు తీసుకుంటే బాగుండేది’ అని రాస్తారు. దీనికి మార్కులు రావు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా ఉంటే, కొలిచిన సమయం 1.5 సెకన్లే అయినప్పుడు అది ఎంత శాతం, అది గ్రాఫ్ వాలును ఎటు లాగింది, లోలకం ఇరవై ఊపులు కలిపి కొలిస్తే అది ఎంతకు తగ్గుతుంది అని రాయాలి. కన్‌క్లూజన్‌లో తనకు వచ్చిన విలువను, దాని అనిశ్చితిని, పుస్తకంలో ఉన్న విలువ పక్కన పెట్టి చూపాలి. ఆ విలువ ఎర్రర్ బార్ల లోపల పడిందా లేదా, పడకపోతే ఎటువైపు, ఎందుకు అన్నది చెప్పాలి. టీచర్ రాసిచ్చిన వ్యాఖ్యలు పక్కన పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుంటే ఈ పని అయిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. టీచర్ వ్యాఖ్యలు రాసి ఇవ్వగలిగేది ఒక్క డ్రాఫ్టుకే, అది అయిపోయింది. ఇక మీద ఆ కాగితం ఆ పిల్లదే. మన ఊళ్లో ‘ఐఏ హెల్ప్’ అని బోర్డు పెట్టుకున్న ట్యూషన్ సెంటర్లున్నాయి. వాళ్లతో రాయించిన పేరా ఒకటి దొరికినా ఆ సబ్జెక్టుకు గ్రేడు ఇవ్వరు, గ్రేడు లేకపోతే డిప్లొమానే రాదు. రెండు మార్కుల కోసం మొత్తం సీటును పణంగా పెట్టకండి.

ఇంకో సంగతి, ఐఏకి స్కూల్ ఇచ్చే మార్కు చివరి మార్కు కాదు. కొన్ని నమూనాలను ఐబీ పరీక్షకులు మళ్లీ దిద్దుతారు. స్కూల్ ఉదారంగా వేసిందని తేలితే ఆ బ్యాచ్ మొత్తానికి మార్కులు తగ్గుతాయి. మోడరేషన్ అంటారు దీన్ని. గత రెండేళ్లలో మీ స్కూల్లో ఫిజిక్స్ ఐఏ మార్కులు మోడరేషన్‌లో తగ్గాయా అని కోఆర్డినేటర్‌ని నేరుగా అడగండి. వాళ్లకు తెలుస్తుంది. తగ్గుతున్నాయంటే 18ని 16 అనుకుని లెక్క వేసుకోండి. అప్పుడు పెరిగేది 3.3 కాదు, 1.7.

మిగతా రెండు మార్కుల దాకా పేపర్ 1బీలో వెతకాలి. 2025 నుంచి కొత్త సిలబస్‌లో పేపర్ 1 రెండు ముక్కలైంది. 1ఏలో నలభై బిట్లు, 1బీలో ఇరవై మార్కులకు డేటా ప్రశ్నలు, రెండూ కలిపి 36 శాతం. అంటే ఒక మార్కు 0.6. 1బీలో అడిగేది ఏమిటి? గ్రాఫ్ వాలు, ఎర్రర్ బార్లు, అనిశ్చితి, ప్రయోగంలో లోపం. ఐఏ సరిదిద్దుకుంటూ నేర్చుకున్నదే మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. మాక్‌లో 1బీలో ఇరవైకి తొమ్మిదే వచ్చాయి. పన్నెండు తెచ్చుకుంటే 1.8 పెరుగుతుంది. 57కు 3.3, దానికి 1.8 కలిపితే 62. మోడరేషన్‌లో కోత పడినా 60 దాటుతుంది. పేపర్ 2 తీరు ఏమీ మారకుండానే ఇదంతా.

అభ్యాసానికి ఏ పేపర్లు అని అమ్మాయి అడుగుతుంది. కొత్త సిలబస్ పేపర్లు ఇంకా కొద్దిగానే ఉన్నాయి, వాటిని ఏప్రిల్‌కి దాచుకోమనండి. పాత సిలబస్‌లో పేపర్ 3 అని ఉండేది. దాని సెక్షన్ ఏ ప్రశ్నలు దాదాపు ఇప్పటి 1బీ లాంటివే. అవి బోలెడున్నాయి, చాలామంది పిల్లలు సిలబస్ మారిందని వాటిని ముట్టుకోరు. సెక్షన్ బీ మాత్రం వదిలేయాలి, అవి పాత ఆప్షన్ చాప్టర్లు.

ఒక పాయింటు అయింది. రెండోది బోనస్‌లో ఉంది. టీఓకేకి సీ, ఈఈకి సీ అని అంచనా వేశారు, వాటికి ఇప్పుడు వచ్చేది 1. ఈ బోనస్ రెండు గ్రేడ్లనూ జతగా చూసి ఇస్తారు. సీ, సీకి ఒకటి. వాటిలో ఏ ఒక్కటి బీ అయినా రెండు. రెండూ బీ అయినా రెండే! బీ, సీ దగ్గర ఆగినవాళ్లకీ, రెండు బీలు తెచ్చుకున్నవాళ్లకీ తేడా లేదు. మూడు కావాలంటే ఒకటి ఏ, ఇంకొకటి కనీసం బీ ఉండాలి. ఏ, సీ వచ్చినా రెండే. కాబట్టి టీఓకేని ఏ చేయాలని తపించక్కర్లేదు, బీ చాలు. ఈఈ నాలుగు వేల పదాలు మీ స్కూల్లో అక్టోబర్‌లోనే తీసేసుకున్నారు, దాని గురించి ఇక చేసేదేం లేదు. ఒకవేళ బయటి పరీక్షకుడు దాన్ని డీ చేశాడనుకోండి, టీఓకే సీగానే ఉంటే బోనస్ సున్నా అవుతుంది. టీఓకే బీ ఉంటే ఒకటి నిలుస్తుంది. అంటే టీఓకే మీద పెట్టే గంటలు పైకి లాగడానికే కాదు, కింద పడకుండా కూడా పనికొస్తాయి.

టీఓకేలో ఎగ్జిబిషన్ మూడో వంతు, అది మొదటి ఏడాదే అయిపోయింది. మిగిలిన రెండు వంతులూ వ్యాసానివే. 1600 పదాలకు మించని ఒక్క వ్యాసం, పదికి దిద్దుతారు. మీరు జత చేసిన డ్రాఫ్ట్ చదివాను. బాగా రాస్తుంది మీ అమ్మాయి. కానీ ఉదాహరణలన్నీ అందరూ రాసేవే: గెలీలియో, న్యూటన్ ఆపిల్, టీకాలు. పరీక్షకుడు ఆ రోజు ఇరవయ్యోసారి చదువుతుంటాడు వాటిని. పైగా ప్రతి ఉదాహరణ దగ్గరా కథ చెప్పేసి పక్కకు వెళ్లిపోయింది, అది ఇచ్చిన టైటిల్‌కి ఏం చెబుతోందో రాయలేదు. మీ కడపలో వాళ్ల తాత మృగశిర కార్తె చూసి విత్తనం వేసేవారని ఆ డ్రాఫ్టులోనే ఒక చోట ఒక్క వాక్యంలో రాసి వదిలేసింది. నేనైతే న్యూటన్‌ని తీసేసి ఆ వాక్యాన్ని రెండు పేరాలు చేయమంటాను. కార్తె లెక్క ఎలా పుట్టింది, ఎవరు సరిచూశారు, వాతావరణ శాఖ అంచనాతో పోల్చినప్పుడు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు, అది టైటిల్ అడిగినదానికి ఒప్పుకుంటుందా ఎదురు చెబుతుందా. ఇదంతా తను సొంతంగా ఆలోచించి రాయాలి. వారం రోజుల పని. ఆ వారానికి వచ్చేది మ్యాథ్స్ 7తో సమానమైన ఒక పాయింటు.

కళలు, ఆటలు, సేవ ఉండే సీఏఎస్‌కి పాయింట్లేమీ లేవు గానీ అది పూర్తి కాకపోతే డిప్లొమా ఇవ్వరు. ఫైల్ మూసేశారా అని ఒక్కమాట అడిగి ఊరుకోండి.

మూడో పాయింటు దగ్గర మీ ఆవిడ గారి మాటకు వద్దాం. ఆవిడ చెప్పింది తీసిపారేయాల్సింది కాదు. హిందీకి, ఎకనామిక్స్‌కి దూరం ఒకటే, మూడు. అయినా నేను ఎకనామిక్స్ వైపే మొగ్గుతాను. హిందీలో తను ఇప్పటికే 81 దగ్గర ఉంది. ఇంకా మిగిలినవి పంతొమ్మిదే, వాటిలోంచి మూడు ఏరుకోవాలి. ఎకనామిక్స్‌లో పోయినవి ఇరవై ఏడు, అవి ఎలా పోయాయో జవాబు పత్రంలో స్పష్టంగా కనిపిస్తోంది. పేపర్ 2 ఎస్ఎల్ నలభై మార్కులకు, 40 శాతం. ఇక్కడ ఒక మార్కు అంటే సరిగ్గా నూటికి ఒకటి. తను డయాగ్రాముల్లో అక్షాలకు పేర్లు రాయకుండా రెండు చోట్ల పోగొట్టుకుంది. పదిహేను మార్కుల చివరి ప్రశ్నలో ఒకే పక్షం వాదించి ఆపేసింది. ఆ విధానం వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, కొద్దికాలంలో ఎలా, దీర్ఘకాలంలో ఎలా అని ఇచ్చిన పాఠంలోని అంకెలతోనే తూచి చూపించాలి. పేపర్ 1లో పదిహేను మార్కుల ప్రశ్న నిజ జీవిత ఉదాహరణ అడుగుతుంది. తను ‘ఒక దేశంలో ప్రభుత్వం పన్ను వేసిందనుకుందాం’ అని రాసింది. అలా అనుకుంటే పై మార్కులు అందవు. పెట్రోలు మీద ఎక్సైజ్ సుంకం, ఉల్లి ఎగుమతుల మీద ఆంక్షలు, ఇలాంటివి ఒక ఆరు ఉదాహరణలు అంకెలతో సహా తయారు చేసుకుంటే రెండు పేపర్లకూ సరిపోతాయి. ఈ మూడు తప్పులూ దిద్దుకుంటే నాలుగైదు మార్కులు వస్తాయి, బౌండరీ కాస్త జరిగినా తట్టుకుంటుంది.

హిందీని పూర్తిగా వదలొద్దు, అది మీ స్పేర్ టైరు. వారానికి ఒక రాత చాలు. పేపర్ 1లో ముప్పైకి ఆరు మార్కులు కేవలం ఏ రూపంలో, ఎవరికి, ఏ స్వరంలో రాస్తున్నావన్న దానికే. ప్రిన్సిపాల్‌కి రాసే ఉత్తరాన్ని స్నేహితురాలితో మాట్లాడినట్టు రాస్తే భాష ఎంత బాగున్నా ఆ ఆరులో కోత పడుతుంది. మన పిల్లలకు హిందీ సినిమాల వల్ల నోరు బాగా తిరుగుతుంది, ఈ లాంఛనాలే తెలియవు.

ఇంగ్లిష్ విషయంలో ఒక ఆశ కలుగుతుంది, ముందే చెబుతాను. పేపర్ 1 ఇరవై మార్కులకే, 35 శాతం. అంటే ఒక మార్కు 1.75! మూడు మార్కులు పెరిగితే 6 వచ్చేస్తుంది అనిపిస్తుంది. కానీ ఆ కత్తి రెండు వైపులా కోస్తుంది, పైగా అదే వ్యాసానికి ఇద్దరు టీచర్లు ఒక మార్కు తేడాతో వేయడం మామూలే. నమ్ముకోవద్దు, వస్తే సంతోషం. కెమిస్ట్రీలో 5కి బౌండరీ 51, తనది 55. ఉన్నది నిలబెట్టుకుంటే చాలు.

ఇదంతా సాగుతోందా లేదా అన్నది మార్చి నెలాఖరుకు తెలిసిపోతుంది. రెండు వారాలకొకసారి ఫిజిక్స్ పేపర్లు పూర్తిగా, టైమ్ పెట్టుకుని రాయించండి. శాతాల లెక్క వేసి ఐఏతో కలిపి చూడండి. మార్చి చివరికి 60 దాటకపోతే ఎకనామిక్స్ గంటలు కూడా ఫిజిక్స్‌కే ఇచ్చేయండి, మూడో పాయింటుకు హిందీని నమ్ముకోండి. ఫిజిక్స్ 6 లేకుండా మిగతా రెండు పాయింట్లు ఉన్నా ఉపయోగం లేదు కదా. అదే చోట 63, 64 వస్తుంటే ఫిజిక్స్‌ని అక్కడితో ఆపి, ఒక పూట మ్యాథ్స్‌కి మళ్లించండి. 64ని 67 చేసుకోవడం వల్ల మొత్తంలో ఏమీ మారదు.

జులై మొదటి వారంలో ఫలితాలు వస్తాయి. ఒకవేళ 36 దగ్గర ఆగి, ఏదో సబ్జెక్టు బౌండరీకి ఒక మార్కు దూరంలో ఉంటే, రీమార్కింగ్‌కి స్కూల్ ద్వారా అడగొచ్చు. గ్రేడు తగ్గే వీలు కూడా ఉంటుంది కాబట్టి, కింది బౌండరీకి దగ్గరగా ఉన్న సబ్జెక్టుకు మాత్రం అడగొద్దు. ఆ రోజే యూనివర్సిటీకి ఫోన్ చేయించండి, ఆ ఫోన్ అమ్మాయే చేయాలి, మీరు కాదు. అక్కడివాళ్లు మామూలుగా తల్లిదండ్రులతో మాట్లాడరు.

ఈ సోమవారం కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్తే మూడు విషయాలు కాగితం మీద రాయించుకు రండి. ఫిజిక్స్ ఐఏ ఫైనల్ ఇవ్వాల్సిన తేదీ, టీఓకే ఎగ్జిబిషన్‌కి వేసిన మార్కు, గత రెండేళ్ల మోడరేషన్ సంగతి. ఆఫర్ లెటర్‌లో 37 అన్నది బోనస్‌తో కలిపేనా అని కూడా ఇంట్లో మరోసారి చదవండి. కలిపి కాకపోతే ఇప్పుడు చేతిలో ఉన్నది 33, కావాల్సింది నాలుగు పాయింట్లు. అప్పుడు నా లెక్కలో టీఓకే స్థానంలోకి హిందీ వస్తుంది, మీ ఆవిడ గారు చెప్పిందే నెగ్గినట్టు. కానీ దాంతో 36 దగ్గరే ఆగుతుంది, ఇంగ్లిష్‌లో 6 కూడా తెచ్చుకోవాలి.